ఓపెన్ రేటా, క్లిక్-టు-ఓపెన్ రేటా, తలసరి రాబడా: మెయిల్ ఫలితాన్ని దేంతో కొలవాలి

ఒకే లిస్టును రెండు సగాలు చేసి, రెండు రకాల మెయిళ్లు పంపి, ఏది బాగా పనిచేసిందో తేల్చాలి. మెయిల్ పంపే చాలా టూల్స్ ముందు వరుసలో పెద్ద అక్షరాలతో ఓపెన్ రేటు చూపిస్తాయి. దాని పక్కనే క్లిక్-టు-ఓపెన్ రేటు ఉంటుంది. రాబడి ఎక్కడో కింద ఉంటుంది, లేదా అసలుండదు. ఈ మూడూ ఒకే మాట చెబితే చిక్కే లేదు. చాలాసార్లు చెప్పవు. అప్పుడు ఏ అంకెను నమ్మాలో ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

తిరుపతిలో ఒక దుకాణం శ్రీకాళహస్తి పెన్ కలంకారీ దుపట్టాలు, చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుందనుకుందాం. లిస్టులో 12,000 మంది ఉన్నారు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వాళ్లు ఎక్కువ, అమెరికాలో ఉన్నవాళ్లూ బాగానే ఉన్నారు. శ్రావణమాసం ముందు చెరో 6,000 మందికి రెండు మెయిళ్లు వెళ్లాయి. మొదటి దాని సబ్జెక్టు: "మీరు తప్పకుండా చూడాల్సింది ఒకటి ఉంది". రెండో దానిది: "పెన్ కలంకారీ సిల్క్ దుపట్టా, ₹2,900, 40 మాత్రమే". లోపల ఫొటోలు, ధరలు రెండింట్లోనూ ఒకటే. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి.

| | మొదటి మెయిల్ | రెండో మెయిల్ |
|---|---|---|
| చేరినవి | 5,900 | 5,900 |
| ఓపెన్లు | 2,714 (46%) | 2,360 (40%) |
| క్లిక్ చేసినవారు | 170 | 177 |
| క్లిక్-టు-ఓపెన్ రేటు | 6.3% | 7.5% |
| ఆర్డర్లు | 12 | 14 |
| రాబడి | ₹36,000 | ₹70,800 |
| తలసరి రాబడి | ₹6.10 | ₹12.00 |

ఓపెన్ రేటు ప్రకారం మొదటిది గెలిచింది. క్లిక్-టు-ఓపెన్ ప్రకారం రెండోది గెలిచింది. తలసరి రాబడి చూస్తే రెండోది ఏకంగా రెట్టింపు. ఈ మూడు తీర్పుల్లో ఏదీ ఉన్నది ఉన్నట్టుగా తీసుకోదగింది కాదు. ఎందుకో ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

ఓపెన్ అంటే మనిషి చదివినట్టు కాదు

మెయిల్ తెరిచారో లేదో తెలుసుకునే నేరు దారి ఏదీ లేదు. పంపే టూల్ మెయిల్ అడుగున కంటికి కనిపించని ఒక చుక్కంత బొమ్మ పెడుతుంది. ఆ బొమ్మను ఎవరైనా సర్వరు నుంచి దించుకుంటే దాన్ని ఓపెన్ అని రాసుకుంటుంది. కొలుస్తున్నది బొమ్మ దిగడాన్నే. దించింది మనిషా, యంత్రమా అన్నది ఆ లెక్కకు తెలియదు.

2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో ఆపిల్ మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ వచ్చింది. ఆపిల్ మెయిల్ యాప్‌లో ఎవరు దాన్ని ఆన్ చేసుకున్నా, వాళ్లకొచ్చిన మెయిల్లోని బొమ్మలన్నీ ఆపిల్ సర్వర్ల మీదుగా ముందే దిగిపోతాయి. మనిషి ఆ మెయిల్‌ను తాకకుండా చెత్తబుట్టలో వేసినా మన రిపోర్టులో ఓపెన్ పడుతుంది. ఇక్కడ చూడాల్సింది ఫోన్ కాదు, మెయిల్ చదివే యాప్. ఐఫోన్‌లో జీమెయిల్ యాప్ వాడేవారికి ఇది వర్తించదు. ఐఫోన్‌లోని సొంత మెయిల్ యాప్‌లో జీమెయిల్ ఖాతా పెట్టుకున్నవారికి వర్తిస్తుంది.

లిస్టులో అమెరికా చిరునామాలు ఎక్కువైతే ఆపిల్ మెయిల్ వాడేవారూ ఎక్కువవుతారు, దాంతో ఓపెన్ రేటు ఊరికే ఉబ్బుతుంది. "ఎన్నారైలు మన మెయిళ్లను ఇక్కడివాళ్లకంటే శ్రద్ధగా చదువుతారు" అని తేల్చేసి వాళ్లకు వారానికి మూడు మెయిళ్లు మొదలుపెట్టే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. వాళ్లు చదివారన్న ఆధారమేదీ ఆ అంకెలో లేదు.

తెలుగులో మెయిల్ రాసేవారికి దీనికి ఎదురుగా ఇంకో చిక్కు ఉంది. మెయిల్ కోడు 102 కేబీ దాటితే జీమెయిల్ దాన్ని అక్కడికి కత్తిరించి, మిగతాది చూడాలంటే నొక్కమని అడుగుతుంది. లెక్కపెట్టే చుక్క బొమ్మ ఉండేది అడుగున కాబట్టి అది కత్తిరించిన భాగంలో చిక్కుకుంటుంది. మనిషి పైన ఉన్నదంతా చదివినా ఓపెన్ పడదు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు తీసుకుంటే తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకూ మూడేసి బైట్లు కావాలి. 'కి' అన్నది రాస్తే ఆరు బైట్లు. కొన్ని మెయిల్ ఎడిటర్లు దాన్ని ఇంకా సాగదీసి కోడులో ఇలా రాస్తాయి:

```
క
```

ఇది ఒక్క 'క', ఏడు బైట్లు. కరక్కాయ నీళ్లలో గుడ్డ నానబెట్టడం నుంచి బెల్లం, తుప్పు ఇనుముతో నలుపు రంగు కాచడం వరకూ అంతా ఒకే మెయిల్లో వివరంగా రాసి పంపితే, బాగా చదివించే ఆ మెయిల్‌కే ఓపెన్లు తక్కువ చూపించవచ్చు. పంపేముందు మెయిల్‌ను ఒక జీమెయిల్ ఖాతాకు పంపుకుని, చివరిదాకా కనిపిస్తోందో లేదో చూడండి. కత్తిరించి ఉంటే తయారీ వివరాలు వెబ్ పేజీకి మార్చి, మెయిల్లో లింకు ఇవ్వండి.

అయితే ఓపెన్ రేటును మొత్తానికే పారేయాలా? అక్కర్లేదు. లిస్టును లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా రెండుగా చేసి, ఒకే సమయంలో పంపితే ఆపిల్ వాడేవారు రెండువైపులా ఇంచుమించు సమానంగా పడతారు. యంత్రం వేసిన ఓపెన్లు కూడా రెండువైపులా సమానంగా చేరతాయి. మన ఉదాహరణలో చెరో 1,600 ఆపిల్ ఓపెన్లు ఉన్నాయనుకుంటే, మిగిలేవి 1,114, 760. అంటే మొదటి సబ్జెక్టు మనుషుల్లో నిజంగానే ఎక్కువమందిని తెరిపించింది. 46, 40 అన్న అంకెలు ఆ తేడాను తగ్గించి చూపాయి. చాలా టూల్స్‌లో ఆపిల్ ఓపెన్లను తీసేసి చూసే ఫిల్టరు ఉంటుంది. మీ టూల్లో లేకపోతే ముడి లాగ్ దించుకోండి. యూజర్ ఏజెంట్ గడిలో వెనకాల ఇంకేమీ లేకుండా ఒట్టి `Mozilla/5.0` అని మాత్రమే ఉన్నవి చాలావరకు ఆపిల్‌వి. `GoogleImageProxy` అని ఉంటే అది జీమెయిల్.

ఓపెన్ రేటు నిజంగా పనికొచ్చే చోటు ఇంకొకటుంది. జీమెయిల్ చిరునామాల ఓపెన్ రేటును విడిగా తీసి వారం వారం చూస్తుండాలి. అది ఉన్నట్టుండి మూడో వంతుకు పడిపోయి, మిగతా చిరునామాలు మామూలుగానే ఉంటే, తప్పు సబ్జెక్టులో లేదు. మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయి. జ్వరం చూసే థర్మామీటరులా ఓపెన్ రేటును అంతవరకే వాడాలి. గెలుపు ఓటములు దాంతో తేల్చకూడదు.

క్లిక్-టు-ఓపెన్: కింద ఉన్న అంకె పాడైతే

ఈ రేటు లెక్క తేలిక. క్లిక్ చేసినవారిని ఓపెన్ చేసినవారితో భాగించాలి. తెరిచినవారికి లోపలి సరుకు నచ్చిందా అన్నదే దీని ప్రశ్న. ప్రశ్న మంచిదే. కానీ భాగించేది ఓపెన్లతో కాబట్టి పైన చెప్పిన జబ్బులన్నీ దీనికీ వస్తాయి. ఆపిల్ ఓపెన్లు పెరిగితే రేటు పడిపోతుంది, మెయిల్ కత్తిరించబడి ఓపెన్లు తగ్గితే రేటు పెరుగుతుంది. రెండింట్లోనూ చదివినవారు మారలేదు.

ఇంతకన్నా లోతైన చిక్కు సబ్జెక్టులు వేరైనప్పుడు వస్తుంది. మన పట్టికలో రెండో మెయిల్ 7.5%, మొదటిది 6.3%. చూడగానే రెండో మెయిల్ లోపలి భాగం ఐదో వంతు మెరుగనిపిస్తుంది. కానీ లోపల రెండూ ఒకటే! ధర, సరుకు పేరు సబ్జెక్టులోనే చెప్పేశాం కాబట్టి కొనే ఉద్దేశం లేనివారు రెండో మెయిల్ తెరవనేలేదు. తెరిచినవారు ముందే వడకట్టబడ్డారు. క్లిక్ చేసినవారిని నేరుగా చూస్తే 170, 177. ఏడుగురి తేడా, తేడానే కాదు. రేటు పెరిగింది పైన ఉన్న క్లిక్కుల వల్ల కాదు, కింద ఉన్న ఓపెన్లు తగ్గినందువల్ల.

అందుకే క్లిక్-టు-ఓపెన్‌ను ఒకే ఒక్క పనికి వాడమని చెబుతాం. సబ్జెక్టు, పంపిన వేళ, లిస్టు అన్నీ ఒకటిగా ఉంచి లోపలి అమరికను మాత్రమే మార్చినప్పుడు దాన్ని చూడండి. దుపట్టా మొత్తం పరిచిన ఫొటో పైన పెట్టాలా, కలంతో గీసిన నెమలిని దగ్గరగా చూపే ఫొటో పెట్టాలా అన్న ప్రశ్నకు ఈ రేటు సరైన సమాధానమిస్తుంది. అప్పుడు కూడా ఆపిల్ వాడేవారిని పైనా కిందా, అంటే క్లిక్కుల్లోంచీ ఓపెన్లలోంచీ, రెండింటిలోంచీ తీసేయాలి. కింద మాత్రమే తీసి పైన వదిలేస్తే రేటు అబద్ధంగా పెరుగుతుంది. ఈ పొరపాటు రిపోర్టుల్లో తరచూ కనిపిస్తుంది. సబ్జెక్టు మారిన ప్రతిసారీ క్లిక్కులను చేరిన మెయిళ్లతో భాగించండి. ఇక్కడ 2.9%, 3.0%.

క్లిక్కుల్లోనూ యంత్రాలుంటాయి. ఆఫీసు చిరునామాలకు పంపినప్పుడు అక్కడి భద్రతా సాఫ్ట్‌వేర్ మెయిల్లోని లింకులన్నీ తానే నొక్కి పరీక్షిస్తుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. మెయిల్ చేరిన కొన్ని సెకన్లలోనే లోగో మొదలుకుని అడుగున ఉన్న ఫేస్‌బుక్ గుర్తు దాకా అన్నీ ఒకేసారి నొక్కబడి ఉంటాయి. అలాంటి చిరునామాను ఆ మెయిల్ లెక్కలోంచి తీసేయండి. ఇళ్లకు బట్టలు అమ్మే దుకాణానికి ఈ బాధ తక్కువ, కంపెనీలకు సరుకు వేసేవారికి చాలా ఎక్కువ.

తలసరి రాబడి: సరిగ్గా లెక్కిస్తేనే

వచ్చిన రాబడిని మెయిల్ చేరిన మొత్తం మందితో భాగిస్తే తలసరి రాబడి. తెరవనివారూ, నొక్కనివారూ అందరూ కింద ఉంటారు. చుక్క బొమ్మతో దీనికి పని లేదు. ఏ మెయిల్ పంపాలి, ఎవరికి పంపాలి అన్న నిర్ణయాలకు మేం ఎంచుకునేది దీన్నే. అయితే పైన ఉన్న రాబడిని టూల్ ఇచ్చినట్టుగా తీసుకుంటే మళ్లీ మొదటికొస్తాం. కొన్ని టూల్స్ మెయిల్ ఓపెన్ చేసి కొన్ని రోజుల్లోపు కొన్న ప్రతి రూపాయినీ ఆ మెయిల్ ఖాతాలో వేస్తాయి. ఆపిల్ ముందే బొమ్మ దించేస్తే, మెయిల్ మొహమే చూడకుండా గూగుల్లో వెతుక్కుని వచ్చినవారి ఆర్డరు కూడా మెయిల్ ఘనతే అవుతుంది. సెట్టింగుల్లో ఆ లెక్కను క్లిక్‌కు మార్చుకోవాలి.

క్లిక్ లెక్కకూ ఒక లోటుంది. మన దగ్గర చాలామంది మెయిల్లో ఫొటో చూసి, స్క్రీన్‌షాట్ తీసి, "అక్కా, ఈ పచ్చ రంగుది ఉందా?" అని దుకాణం వాట్సాప్‌కు పంపి అక్కడే డబ్బు కట్టేస్తారు. లింకు నొక్కరు. ఆ ఆర్డరు మెయిల్ వల్లే వచ్చినా ఎక్కడా కనిపించదు.

దీనికి మందు ఏమిటంటే, దారి వెతకడం మానేయడం. ఎవరు ఏ గుంపులో ఉన్నారో పంపేముందే రాసి పెట్టుకోండి. ఆ తర్వాత 7 రోజుల్లో వెబ్‌సైట్, వాట్సాప్, ఫోన్, ఏ దారిలో వచ్చినా సరే, ఆర్డర్లన్నింటినీ కొన్నవారి గుంపు ఖాతాలో వేయండి. మెయిల్‌తో సంబంధం లేని ఆర్డర్లూ వస్తాయి, కానీ అవి రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమానంగా పడతాయి. మిగిలే తేడా మెయిళ్లది.

వాట్సాప్‌లో కొన్నవారి ఈమెయిల్ మన దగ్గర ఉండదు కాబట్టి ఫోన్ నంబరుతో కలపాలి. ఒకచోట +91 ఉంటుంది, ఇంకోచోట ముందు సున్నా ఉంటుంది, మరోచోట మధ్యలో ఖాళీ ఉంటుంది. అలా ఉంటే ఒక్కటీ కలవదు. లిస్టు షీటులోనూ ఆర్డర్ల షీటులోనూ ముందుగా నంబరును చివరి పది అంకెలకు తెచ్చుకోవాలి. ఆర్డర్ల షీటులో A నంబరు, C మొత్తం, D స్థితి, F శుభ్రం చేసిన నంబరు, E గుంపు అనుకుందాం. లిస్టు షీటులో A గడిలో శుభ్రం చేసిన నంబరు, B గడిలో గుంపు పేరు. మొదటి మెయిల్ గుంపుకు "A", రెండో దాని గుంపుకు "B" అని పేరు పెట్టుకున్నాం. H1లో వచ్చేది రెండో గుంపు తలసరి రాబడి.

```
F2: =RIGHT(SUBSTITUTE(A2," ",""),10)
E2: =XLOOKUP(F2, List!A:A, List!B:B, "-")
H1: =SUMIFS(C:C, E:E, "B", D:D, "delivered")/5900
```

స్థితి గడిలో డెలివరీ అయినవే తీసుకోవడం ముఖ్యం. క్యాష్ ఆన్ డెలివరీలో వెనక్కి వచ్చే పార్సిళ్లు ఉంటాయి. ఆదివారం పంపిన మెయిల్‌కు బుధవారం లెక్కేస్తే వెనక్కి రాబోయేవి కూడా రాబడిలో కలుస్తాయి. మూడు వారాలు ఆగి లెక్కేయండి. కొరియర్ ఖర్చు, జీఎస్‌టీ మొత్తంలోంచి తీసేయండి.

ఇప్పుడు పట్టికకు వద్దాం. ₹6.10కు ఎదురుగా ₹12.00. రెట్టింపు! రెండో మెయిల్ ఆర్డర్లు 14 తెరిచి చూస్తే, అందులో ఒకటి ₹31,800ది. ఒక బొటీక్ యజమాని ఒకేసారి తీసుకున్న సరుకు. దాన్ని పక్కన పెడితే మిగిలింది ₹39,000, తలసరి ₹6.61. రెట్టింపు తేడా అంతా ఒక్క ఆర్డరులో ఉంది. ఆ బొటీక్ మొదటి గుంపులో పడి ఉంటే తీర్పు తలకిందులయ్యేది. తలసరి రాబడికి ఉన్న పెద్ద బలహీనత ఇదే. అది సగటు, ఒక్క పెద్ద అంకె చాలు దాన్ని లాక్కుపోవడానికి. అందుకే లెక్కకు ముందే ఒక హద్దు పెట్టుకోండి. ₹10,000 దాటిన ఏ ఆర్డరునైనా ₹10,000గానే లెక్కిస్తామని ముందే రాసుకుంటే, ఫలితం చూశాక మనసుకు నచ్చినట్టు తీసేయడం ఉండదు. ఆ హద్దుతో రెండో మెయిల్ ₹49,000, తలసరి ₹8.31.

₹6.10, ₹8.31 అయినా తేడానే కదా అనిపిస్తుంది. ఆర్డర్ల సంఖ్య మీద ఒక చిన్న పరీక్ష చేయండి. గుంపులు సమానమైనప్పుడు, రెండింటి ఆర్డర్లను కలిపి, వర్గమూలం తీసి, రెట్టింపు చేయాలి. ఆర్డర్ల తేడా దానికి మించితేనే నమ్మాలి. ఇక్కడ 12, 14 కలిపితే 26. వర్గమూలం 5.1, రెట్టింపు 10.2. ఉన్న తేడా 2. కాబట్టి ఈ ఒక్క మెయిల్‌తో ఎవరూ గెలవలేదు. ఆ మాట రిపోర్టులో అలాగే రాయాలి.

12,000 మంది లిస్టుకు ఇది మామూలే. దీనికి దారి ఒకే తీరును నాలుగైదు మెయిళ్లలో మళ్లీ మళ్లీ పరీక్షించడం. ప్రతిసారీ కొత్తగా లాటరీ తీయండి, ఒకవైపు ఊరించే సబ్జెక్టు, మరోవైపు ధర చెప్పే సబ్జెక్టు పెట్టండి, ఆర్డర్లు కూడగట్టండి. నాలుగు మెయిళ్ల తర్వాత 50కి ఎదురుగా 78 వచ్చిందనుకుందాం. కలిపితే 128, వర్గమూలం 11.3, రెట్టింపు 22.6. తేడా 28. ఇప్పుడు ధర చెప్పే తీరు గెలిచిందని ధైర్యంగా చెప్పొచ్చు.

నెలకు నెల పోల్చేటప్పుడు మాత్రం తలసరి రాబడి కూడా తప్పుదోవ పట్టిస్తుంది. వరలక్ష్మీ వ్రతం ముందు పంపిన మెయిల్‌కు చీరలు ఎలాగూ పోతాయి. ఆషాఢం తగ్గింపు మెయిల్‌లో రాబడి పెరిగినా ఒక్కో చీర మీద మిగిలేది తగ్గుతుంది. తగ్గింపు ఇచ్చిన మెయిల్‌నూ ఇవ్వని మెయిల్‌నూ పోల్చాలంటే రాబడి బదులు లాభాన్ని పైన పెట్టండి. పండగ అమ్మకంలో మెయిల్ వాటా ఎంతో తెలియాలంటే లిస్టులో పదో వంతుకు ఆ వారం మెయిలే పంపకుండా ఆపి చూడాలి. పంపినవారి తలసరి ₹8.40, ఆపినవారి తలసరి ₹5.10 అయితే, మెయిల్ నిజంగా తెచ్చింది మనిషికి ₹3.30 మాత్రమే. మిగతాది శ్రావణమాసం తెచ్చింది. పదో వంతంటే 1,200 మందే కాబట్టి ఒక్కసారి చూసి తీర్మానించకండి, రెండు మూడు పండగల లెక్క కలపండి.

ఏ అంకె ఎక్కడ అన్న ప్రశ్నకు మా ఎంపిక ఇది. సబ్జెక్టు తీరు, సరుకు, ఎవరికి పంపాలి అన్నవి తేల్చడానికి హద్దు పెట్టిన తలసరి రాబడి, పక్కన ఆర్డర్ల సంఖ్య. ఆర్డర్లు మరీ తక్కువై, పది కూడా దాటకపోతే చేరిన మెయిళ్లకు ఎన్ని క్లిక్కులు అన్నది చూడండి. సబ్జెక్టు మార్చకుండా లోపలి అమరిక మార్చినప్పుడు ఆపిల్‌ను తీసేసిన క్లిక్-టు-ఓపెన్. మెయిళ్లు చేరుతున్నాయా లేదా అన్న అనుమానానికి జీమెయిల్ ఓపెన్ రేటు, దానికి తోడు స్పామ్ ఫిర్యాదుల శాతం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారి స్పామ్ ఫిర్యాదులు 0.3% దాటకూడదని గూగుల్ నియమం పెట్టింది. ఊరించే సబ్జెక్టులు ఓపెన్లు తెచ్చినంత తేలిగ్గా ఫిర్యాదులూ తెస్తాయి. అందుకే ప్రతి మెయిల్ రిపోర్టులో తలసరి రాబడి పక్కనే ఆ గుంపులో ఎంతమంది లిస్టు నుంచి తప్పుకున్నారు, ఎంతమంది స్పామ్ అని నొక్కారు అన్న రెండు గడులు ఉంచండి. జీమెయిల్ వాళ్ల ఫిర్యాదులు మెయిల్ టూల్లో కనిపించవు. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో మీ డొమైన్ నమోదు చేసుకుంటే అక్కడ రోజువారీగా చూడొచ్చు.